ఫొటోలో పున్నమి చంద్రుణ్ని పెట్టడం: సైజు, వెలుగు, గుడి వేర్వేరు విషయాలు కావు

రాత్రి ఆకాశం ఉన్న ఫొటోలో ఎవరైనా నిండు చంద్రుణ్ని అతికిస్తే చూసేవాళ్లు చాలాసార్లు వెంటనే పట్టేస్తారు. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పలేకపోవచ్చు, కానీ అది అక్కడిది కాదని మాత్రం తెలిసిపోతుంది. ఎడిటింగ్ చేసేవాళ్లు సాధారణంగా చంద్రుడి సైజును ఒకసారి, వెలుగును ఇంకోసారి, చుట్టూ ఉండే కాంతివలయాన్ని, అంటే గుడిని మరోసారి, దేనికది కంటికి బాగున్నంత వరకు జరుపుకుంటూ పోతారు. తేడా మొదలయ్యేది అక్కడే. నిజంగా తీసిన ఫొటోలో ఈ మూడూ ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి. సైజును లెన్స్ నిర్ణయిస్తుంది. వెలుగును, ఆ ఫొటోకి వాడిన ఎక్స్‌పోజర్ నిర్ణయిస్తుంది. ఆ వెలుగు ఎంత ఎక్కువైతే చుట్టూ గుడి అంత పెద్దగా కనబడుతుంది. ఒకదాన్ని ఇష్టమొచ్చినట్టు మారిస్తే మిగతా రెండూ అబద్ధం అయిపోతాయి.

దీన్ని ఒక ఫొటో పట్టుకుని చివరిదాకా చూద్దాం. సూర్యుడు అస్తమించి అరగంటయింది. ఆకాశం ముదురు నీలంలో ఉంది. ముందు చెరువు, వంద మీటర్ల దూరంలో అవతలి గట్టు మీద నిలబడ్డ ఒక మనిషి, ఆ వెనక దూరంగా తక్కువ ఎత్తున్న కొండల వరుస. కెమెరా తూర్పు వైపు చూస్తోంది. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్, 50 మి.మీ. లెన్స్, f/4, అర సెకను, ఐఎస్‌ఓ 400. ఫొటో వెడల్పు 6000 పిక్సెళ్లు.

కెమెరా తూర్పుకు ఉందని చెప్పడానికి కారణం ఉంది. పున్నమి అంటే చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండటం. అందుకే నిండు చంద్రుడు సూర్యాస్తమయం వేళకి తూర్పున పైకొస్తాడు, సూర్యోదయం వేళకి పడమట దిగిపోతాడు. అస్తమయపు ఎరుపు ఉన్న వైపే నిండు చంద్రుణ్ని పెట్టిన ఫొటోలు లెక్కలేనన్ని కనిపిస్తాయి. వాటిలో మిగతా పని ఎంత శ్రద్ధగా చేసినా లాభం లేదు. అలాగే పాలపుంత స్పష్టంగా కనబడే ఆకాశంలో కూడా నిండు చంద్రుడు ఉండడు. ఆ వెన్నెలకి పాలపుంత వెలిసిపోతుంది, బాగా మెరిసే నక్షత్రాలు మాత్రమే మిగులుతాయి. ఇలాంటి ఫొటోకి చంద్రుణ్ని పెట్టకపోవడమే మంచిది.

మన ఫొటోలో దిక్కు సరిపోయింది. ఇక సైజు.

ఆకాశంలో చంద్రుడి వెడల్పు దాదాపు అర డిగ్రీ. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు కొంచెం పెద్దగా, దూరంగా ఉన్నప్పుడు కొంచెం చిన్నగా ఉంటాడు కానీ ఈ రెండు హద్దుల మధ్య తేడా 14 శాతం దాకా మాత్రమే. పైకొచ్చేటప్పుడు చాలా పెద్దగా అనిపించడం కంటి భ్రమ, కెమెరా ఆ భ్రమకి లోనుకాదు. అర డిగ్రీ అంటే లెక్కలో చెప్పాలంటే, ఎంత దూరం చూస్తున్నామో అందులో 110వ వంతు వెడల్పు. కాబట్టి సెన్సర్ మీద చంద్రుడి బొమ్మ, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌లో 110వ వంతు ఉంటుంది. దాన్ని పిక్సెళ్లలోకి మార్చుకోవడం తేలిక:

```
D = (f / 110) × (W / S)
```

ఇక్కడ f ఫోకల్ లెంగ్త్, S సెన్సర్ వెడల్పు, రెండూ మిల్లీమీటర్లలో. W ఫొటో వెడల్పు పిక్సెళ్లలో. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. మన ఫొటోకి 50ని 110తో భాగిస్తే 0.45 మి.మీ. వస్తుంది, 6000ని 36తో భాగిస్తే మిల్లీమీటరుకి 167 పిక్సెళ్లు. గుణిస్తే 76. అంటే 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో చంద్రుడు 76 పిక్సెళ్లు మాత్రమే. ఫోన్‌తో తీసిన ఫొటో అయితే ఫైల్‌తో పాటు ఉండే ఎక్సిఫ్ వివరాల్లో 35 మి.మీ. సమాన ఫోకల్ లెంగ్త్ అని విడిగా ఉంటుంది, దాన్ని f గా తీసుకుని S ని 36 అనుకుంటే దాదాపు సరైన జవాబే వస్తుంది. ఫొటోని పక్కల నుంచి క్రాప్ చేసినా ఈ 76 మారదు. సైజు తగ్గించి సేవ్ చేసి ఉంటే మాత్రం అదే నిష్పత్తిలో తగ్గించుకోవాలి.

ఈ అంకె చూసి చాలామంది నిరుత్సాహపడతారు. ఇంత చిన్నదా అనిపిస్తుంది. వెంటనే 300 పిక్సెళ్లకి పెంచేస్తారు. ఆ సైజు నిజానికి 200 మి.మీ. లెన్స్ ఇచ్చేది. కానీ మిగతా దృశ్యమంతా 50 మి.మీ. లెన్స్‌తో చూసినట్టే ఉంది కదా. ఫొటోలో ఉన్న మనిషే ఆ తేడాని బయటపెడతాడు. వంద మీటర్ల దూరంలో 110వ వంతు అంటే 90 సెంటీమీటర్లు. అంటే గట్టు మీద నిలబడ్డ మనిషి పక్కన పెట్టి చూస్తే చంద్రుడు అతని నడుం దాకా రావాలి. 300 పిక్సెళ్లకి పెంచితే అతని ఎత్తుకి రెట్టింపు దాటిపోతాడు. ఫోకల్ లెంగ్త్ తెలియని పాత ఫొటోలకి నేను ఈ కొలతనే నమ్ముకుంటాను. ఫొటోలో ఎత్తు తెలిసిన వస్తువు ఏదైనా ఉండి, అది ఎంత దూరంలో ఉందో అంచనా వేయగలిగితే చాలు. 20 మీటర్ల టవర్‌కి సమానంగా చంద్రుడు కనబడాలంటే ఆ టవర్ 2200 మీటర్ల దూరంలో ఉండాలి. పెద్ద చంద్రుడి ముందు చిన్న కట్టడం ఉన్న నిజమైన ఫొటోలన్నీ అంత దూరం నుంచి, పెద్ద టెలీ లెన్స్‌తో తీసినవే. కాస్త పెంచుకోవాలనిపిస్తే ఒకటిన్నర రెట్ల దాకా కన్ను క్షమిస్తుందని నా అభిప్రాయం. అంతకంటే పెద్ద చంద్రుడు కావాలంటే మార్చాల్సింది చంద్రుణ్ని కాదు, వెనకున్న ఫొటోని. దూరం నుంచి టెలీ లెన్స్‌తో తీసిన దృశ్యం వెతుక్కోవాలి.

ఎత్తు కూడా ఇదే లెక్కలోంచి వస్తుంది. సూర్యాస్తమయం వేళకి పైకొచ్చిన చంద్రుడు అరగంటలో సుమారు 6 డిగ్రీలు ఎక్కి ఉంటాడు. ఈ లెన్స్‌లో డిగ్రీకి 145 పిక్సెళ్లు కాబట్టి కళ్లెత్తున ఉండే క్షితిజరేఖకి దాదాపు 870 పిక్సెళ్ల పైన ఉంటాడు. క్షితిజానికి ఆనుకుని ఉన్నప్పుడు కింద నుంచి నొక్కినట్టు కొంచెం చదునుగా కనబడతాడు కానీ 6 డిగ్రీల ఎత్తుకి వచ్చేసరికి ఆకారం దాదాపు గుండ్రమే. ఇంకో చిన్న సంగతి, నడినెత్తిన ఉండగా తీసిన చంద్రుడి బొమ్మని అలాగే తెచ్చి తూర్పున పెడితే మచ్చలు తప్పు దిక్కుకు తిరిగి ఉంటాయి. ఉత్తరార్ధగోళంలో చంద్రుడు ఉదయించేటప్పుడు అతని ఉత్తర ధ్రువం ఎడమవైపు ఒరిగి ఉంటుంది, భూమధ్యరేఖకి దగ్గరయ్యేకొద్దీ ఆ వాలు ఎక్కువ. చంద్రుడి అంచుకి దగ్గర్లో విడిగా కనబడే కోడిగుడ్డు ఆకారపు మచ్చ పైవైపుకి వచ్చేలా తిప్పితే సరిపోతుంది.

ఇప్పుడు వెలుగు. అసలు చిక్కంతా ఇక్కడే.

చంద్రుడంటే ఎండలో ఉన్న రాతినేల. చుట్టూ రాత్రి కావచ్చు, అక్కడ మాత్రం మిట్టమధ్యాహ్నం. అందుకే చంద్రుణ్ని మచ్చలతో సహా స్పష్టంగా తీయాలంటే f/11 దగ్గర షట్టర్‌ని ఐఎస్‌ఓ అంకెకి తగ్గట్టు పెట్టమంటారు. ఐఎస్‌ఓ 400 అయితే సెకనులో 400వ వంతు. మన ఫొటోలో f/4 వాడారు, అంటే మూడు స్టాప్‌ల కాంతి ఎక్కువ, ఒక్కో స్టాప్‌కి కాంతి రెట్టింపవుతుంది కాబట్టి 3200వ వంతు సరిపోయేది. కానీ వాడింది అర సెకను. 1600 రెట్లు ఎక్కువ. క్షితిజానికి దగ్గరగా ఉన్నప్పుడు మందమైన గాలి పొర కాంతిని రెండు స్టాప్‌ల దాకా మింగేస్తుంది అనుకున్నా, ఇంకా 400 రెట్లు మిగిలింది. చంద్రుడు నిజంగా ఆ ఫ్రేములో ఉండి ఉంటే మచ్చలు లేని తెల్లటి బిళ్ల పడేది, చుట్టూ కాంతి పొంగేది.

అంటే చీకట్లో మెరిసే దృశ్యం, నిమ్మళంగా మచ్చలు లెక్కపెట్టుకోగల చంద్రుడు ఒకే ఎక్స్‌పోజర్‌లో రావు. ఈ రెండూ ఒకే ఫొటోలో కనబడితే అది రెండు ఎక్స్‌పోజర్లు కలిపినదన్న మాట. అలా కలపడం తప్పేమీ కాదు, ఎందుకంటే సంధ్యవేళ మన కన్ను నిజంగానే రెంటినీ చూడగలదు. కానీ ఏదో ఒక దారి ఎంచుకుని దానికి కట్టుబడాలి. చంద్రుడి మచ్చలు కనబడనిస్తే గుడి చిన్నదిగా ఉండాలి. గుడి పెద్దగా వెలగాలంటే మచ్చలు కనబడకూడదు. మచ్చలన్నీ పదునుగా కనబడుతూ చుట్టూ పెద్ద కాంతివలయం ఉన్న చంద్రుడే అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు.

ఆకాశంలో ఇంకా నీలం మిగిలిన మన ఫొటోకి నేను మొదటి దారే ఎంచుకుంటాను. మచ్చలు లీలగా, గుడి చిన్నగా. పూర్తి చీకటి పడ్డాక సెకన్ల తరబడి తెరిచి తీసిన ఫొటో అయితే రెండో దారి తప్ప వేరే లేదు. అలాంటి ఫొటోలో ఇంకోటి కూడా చూసుకోవాలి. చంద్రుడు తన వెడల్పు అంత దూరం జరగడానికి రెండు నిమిషాలకు పైగా పడుతుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో వెడల్పులో దాదాపు పావు వంతు జరిగిపోతాడు. 24 మి.మీ. లెన్స్‌తో తీసిన అలాంటి ఫొటోలో 36 పిక్సెళ్ల గుండ్రటి చంద్రుడు కాదు, ఒకవైపు ఎనిమిది తొమ్మిది పిక్సెళ్లు సాగిన తెల్లటి బిళ్ల ఉండాలి.

మళ్లీ మన ఫొటోకి వద్దాం. నల్లటి ఆకాశంలో విడిగా తీసిన చంద్రుడి ఫొటోని లేయర్‌గా తెచ్చి 76 పిక్సెళ్లకి తగ్గించాం. చాలామంది ఇప్పుడు చంద్రుణ్ని గుండ్రంగా కత్తిరించి Normal మోడ్‌లోనే ఉంచేస్తారు. అలా చేస్తే మచ్చలు ఆకాశం కంటే నల్లగా పడతాయి. సంధ్యాకాశానికి అది కుదరదు. నీలంగా కనబడుతున్న ఆ గాలి చంద్రుడి వెనక లేదు, మనకీ చంద్రుడికీ మధ్యన ఉంది. చంద్రుడి మీద ఎంత నల్లటి మచ్చ ఉన్నా దాని ముందు ఆ నీలం పరుచుకునే ఉంటుంది. కాబట్టి చంద్రుడిలోని ఏ భాగమూ పక్కనున్న ఆకాశం కంటే చీకటిగా ఉండే వీలు లేదు. అలా ఉంటే ఆకాశానికి కన్నం పడినట్టు కనిపిస్తుంది.

దీనికి ఫొటోషాప్‌లో అయినా గింప్‌లో అయినా లేయర్ మోడ్‌ని Screen చేయాలి. అది చంద్రుడి కాంతిని ఆకాశం కాంతికి కలుపుతుంది, ఎక్కడా తగ్గించదు. ఉదాహరణకి ఆ చోట ఆకాశం విలువలు ఎరుపు 40, ఆకుపచ్చ 55, నీలం 90 అనుకోండి. చంద్రుడి మచ్చ విలువ మూడు ఛానళ్లలోనూ 200. Screen అయ్యాక ఎరుపు 209 దగ్గర, నీలం 219 దగ్గర ఆగుతాయి. మచ్చలోకి కొద్దిగా నీలం దానంతట అదే వచ్చి చేరింది, మనం విడిగా రంగు వేయనక్కర్లేదు. పైగా నలుపు Screenలో మాయమైపోతుంది కాబట్టి చంద్రుణ్ని కత్తిరించే పని కూడా ఉండదు. అయితే తెచ్చిన ఫొటోలో నలుపు నిజంగా సున్నా అయి ఉండాలి. 3 అయినా 4 అయినా ఉంటే ఆకాశంలో చంద్రుడి చుట్టూ చతురస్రపు అంచు తేలుతుంది. Levelsలో నలుపు కొసని కాస్త లోపలికి జరిపితే అది పోతుంది.

మచ్చలని 200 దాకా పైకి తేవడం, మిగతా భాగం 245 దగ్గర ఉంచడం, ఈ రెండూ కావాలని చేసేవే. కాంట్రాస్ట్ అంత తగ్గితేనే చంద్రుడు తనంతట తాను వెలుగుతున్నట్టు అనిపిస్తుంది. 6 డిగ్రీల ఎత్తులో గాలి నీలాన్ని ఎక్కువ చెదరగొడుతుంది కాబట్టి చంద్రుడి లేయర్‌కి కొంచెం పసుపు చాయ కావాలి. ఎరుపుని అలాగే ఉంచి ఆకుపచ్చ కొంచెం, నీలం ఇంకొంచెం తగ్గిస్తే చాలు. అంచు విషయంలో ఒక తప్పు చేయకండి. చంద్రుడు బంతి కదా అని అంచుల్లో నీడ పెడతారు. నిండు చంద్రుడి అంచులు మసకబారవు, మధ్యలో ఎంత వెలుగో అంచుదాకా దాదాపు అంతే, పళ్లెంలా చదునుగా కనబడతాడు. అంచుని ఒక పిక్సెల్ మేర మెత్తబరిస్తే సరిపోతుంది, అది కూడా చంద్రుడు మిగతా ఫొటో కంటే పదునుగా కనబడకుండా ఉండటానికే.

గుడి దగ్గరికి వచ్చేసరికి ఎక్కువమంది చంద్రుడి లేయర్‌ని కాపీ చేసి Gaussian Blur పెడతారు. తక్కువ బ్లర్‌లో వెలుగు కనబడుతుంది, పెంచేకొద్దీ మాయమవుతుంది. కారణం చిన్న లెక్క. 76 పిక్సెళ్ల తెల్ల బిళ్లకి 150 పిక్సెళ్ల బ్లర్ పెడితే మధ్యలో మిగిలేది తెలుపులో 3 శాతం, అంటే 255లో 8. బ్లర్ 450 అయితే ఒక్క మెట్టు కూడా మిగలదు. నిజమైన చంద్రుడికి ఈ సమస్య లేదు, అతని వెలుగు ఫొటోలోని తెలుపుతో ఆగిపోదు. మన ఫొటోలో 400 రెట్లు ఎక్కువ అని చూశాం కదా. అందులో నూరో వంతు గాలిలోని తేమకి, దుమ్ముకి, లెన్స్ గాజుకి తగిలి చెదిరినా చుట్టూ కనబడేంత వెలుగు వస్తుంది. 32 బిట్ మోడ్‌లో చంద్రుణ్ని తెలుపు దాటి కొన్ని వందల రెట్లు పెంచి, ఆ పైన బ్లర్ చేసి చూస్తే ఇది అర్థమవుతుంది.

మామూలుగా పని చేసుకోవాలంటే బ్లర్ వదిలేసి, మధ్యలో నిండుగా ఉండి అంచుకి పూర్తిగా కరిగిపోయే వృత్తాలు మూడు Screen మోడ్‌లో పెట్టడం మేలు. ఒకటే వృత్తం పెడితే దూదిపింజెలా కనబడుతుంది, ఎందుకంటే నిజమైన గుడి చంద్రుడి అంచు దగ్గర వేగంగా పడిపోయి, ఆపైన చాలా దూరం పలచగా సాగుతుంది. మన ఫొటోకి నేను మొదటి వృత్తం వెడల్పు చంద్రుడికి మూడు రెట్లు, అంటే 230 పిక్సెళ్లు, ఓపాసిటీ 25 శాతంతో మొదలుపెడతాను. రెండోది పది రెట్లు, 8 శాతం. మూడోది ముప్పై రెట్లు, అంటే 2300 పిక్సెళ్ల దగ్గర, 3 శాతం. మూడోది విడిగా కనబడదు, ఆపేసినప్పుడు మాత్రం లోటు తెలుస్తుంది. మూడింటికీ చంద్రుడి పసుపు చాయే ఉండాలి, తెలుపు కాదు. గాలి తేటగా ఉన్న రాత్రి అయితే రెండోదీ మూడోదీ సగానికి తగ్గించాలి. మంచు, మసక ఉంటే పెంచాలి, కానీ అప్పుడు దూరపు కొండలు కూడా మసకగా ఉండాలి. కొండ గీత కత్తిలా ఉండి చంద్రుడి చుట్టూ మాత్రం మసక ఉండటం జరగని పని.

ఈ వెలుగు దేని ముందు పడుతుంది, దేని వెనక ఆగుతుంది అన్నది కూడా ముఖ్యమే. గాలిలో చెదిరిన కాంతి దూరపు కొండ వెనకే చాలావరకు ఆగిపోతుంది, మనకీ కొండకీ మధ్యనున్న గాలిలోది మాత్రం కొంత కొండ మీద పరుచుకుంటుంది. లెన్స్‌లో చెదిరిన కాంతి దేన్నీ లెక్కచేయదు, అన్నిటి మీదా పడుతుంది. అందుకే గుడి లేయర్లకి మాస్క్ వేసి కొండల మీద సగానికి, దగ్గరున్న మనిషి మీద ఐదో వంతుకి తగ్గిస్తాను. పూర్తిగా సున్నా చేస్తే కత్తిరించిన బొమ్మలా తేలిపోతారు. చంద్రుడి బిళ్ల మాత్రం మేఘానికి, కొమ్మకి, కొండకి వెనకే ఉండాలి, అక్కడ సగం బేరాలు లేవు. బిళ్ల లోపల నక్షత్రం మిగిలిపోతే దాన్ని కూడా చెరిపేయాలి.

చెరువు ఉన్న ఫొటోలో చంద్రుడి నీడ నీళ్లలో పడకపోతే ఇంతసేపు చేసినదంతా వృథా. క్షితిజానికి ఎంత పైన చంద్రుడు ఉన్నాడో సరిగ్గా అంత కింద, అదే నిలువు గీత మీద ప్రతిబింబం ఉండాలి. మన ఫొటోలో 870 పిక్సెళ్ల కింద. ఇంత ఏటవాలుగా పడే కాంతిలో నీళ్లు దాదాపు సగం తిప్పి పంపుతాయి కాబట్టి ప్రతిబింబం పైనున్న దానికంటే కాస్త మందంగా ఉంటుంది. నీళ్లు కదులుతుంటే అది గుండ్రంగా ఉండదు, నిలువుగా సాగిన వెలుగు ముక్కలవుతుంది. అర సెకను ఎక్స్‌పోజర్‌లో ఆ ముక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి నునుపైన చార అవుతాయి.

చివర్లో గ్రెయిన్. మనం వేసిన వృత్తాలు పూర్తిగా నున్నగా ఉంటాయి, చుట్టూ ఉన్న ఆకాశంలో ఐఎస్‌ఓ 400 నాయిజ్ ఉంటుంది. ఫొటోని 16 బిట్‌లో ఉంచి గుడి లేయర్ల మీద చుట్టూ ఉన్నంత నాయిజ్ చల్లాలి. ఇది చేయకపోతే జెపెగ్‌గా సేవ్ చేశాక చంద్రుడి చుట్టూ ఉంగరాల్లా మెట్లు పడతాయి. అన్నిటికీ పైన తాత్కాలికంగా ఒక Curves లేయర్ పెట్టి, చీకటి భాగాలని విపరీతంగా పైకి లాగి చూడండి. చతురస్రపు అంచు, వృత్తం ఆగిన చోటు, నాయిజ్ లేని నున్నటి మచ్చ, మాస్క్ దాటిన వెలుగు, ఏది మిగిలి ఉన్నా అక్కడ బయటపడుతుంది. అది సరిచేశాక ఆ లేయర్ తీసేసి, ఫొటోని ఫోన్ స్క్రీన్ అంత సైజుకి తగ్గించి ఇంకోసారి చూడాలి, ఎందుకంటే చాలామంది చూసేది ఆ సైజులోనే. అక్కడ మచ్చలు ఎలాగూ కనబడవు, చంద్రుడికీ ఆకాశానికీ మధ్య వెలుగు తేడా ఒక్కటే కనబడుతుంది. అది ఎక్కువ అనిపిస్తే ముందుగా తగ్గించాల్సింది రెండో వృత్తం.